పేరు పెరిగిందా, పని పెరిగిందా: జాబ్ డిస్క్రిప్షన్లు, జీతం బ్యాండ్లు చదివి మీ పై మెట్లు గీసుకునే పద్ధతి

మా పిన్ని కొడుకు పరవాడ ఫార్మా సిటీలో, మందుల ముడిసరుకు చేసే ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో, అంటే నాణ్యత పరీక్షించే చోట, సీనియర్ ఎగ్జిక్యూటివ్. అనుభవం ఆరేళ్ళ ఏడు నెలలు, జీతం ఏడాదికి 5.4 లక్షల సీటీసీ. సంక్రాంతికి గాజువాకలో మా ఇంటికి వచ్చినప్పుడు ఫోన్ నా చేతిలో పెట్టి, "అన్నయ్యా, అచ్యుతాపురంలో అసిస్టెంట్ మేనేజర్ పోస్టు, 6.6 లక్షలు అంటున్నారు. వెళ్ళిపోనా?" అని అడిగాడు.

"పోస్టు పేరు తర్వాత చూద్దాం. కింద ఏం పని రాశారో పైకి చదువు" అన్నాను.

చదివాడు. హెచ్‌పీఎల్‌సీ, జీసీ పరికరాల మీద శాంపిల్స్ అనాలిసిస్ చేయాలి. స్టెబిలిటీ శాంపిల్స్ చూసుకోవాలి. పరికరాల క్యాలిబ్రేషన్ చేయాలి. మూడు షిఫ్టుల్లో రావాలి. నాలుగో లైనుకి వాడే ఆగిపోయి, "ఇది నేను ఇప్పుడు చేస్తున్నదే కదా" అన్నాడు.

నేను ఇదే లైన్‌లో పదిహేడేళ్ళుగా ఉన్నాను. మా దగ్గర మెట్ల పేర్లు అందరికీ తెలుసు: జూనియర్ ఎగ్జిక్యూటివ్, ఎగ్జిక్యూటివ్, సీనియర్ ఎగ్జిక్యూటివ్, అసిస్టెంట్ మేనేజర్, డిప్యూటీ మేనేజర్, మేనేజర్. కానీ పని మారే చోట్లు ఇన్ని లేవు. శాంపిల్ చేసేవాడు ఒకడు. ఆ డేటాను రివ్యూ చేసి సంతకం పెట్టేవాడు ఇంకొకడు. రిజల్ట్ తప్పితే ఎందుకు తప్పిందో వెతికి రాసేవాడు మూడోవాడు. సెక్షన్ మొత్తానికి జవాబుదారీగా ఉండి ఆడిటర్ ముందు కూర్చునేవాడు నాలుగోవాడు. పేర్లు ఆరు, అసలు మెట్లు నాలుగు. మీరు ఏ మెట్టు మీద ఉన్నారు, పై మెట్టు ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత ఇస్తున్నారు అన్నది కాగితం మీద పెట్టడానికి మేమిద్దరం మూడు ఆదివారాలు కూర్చున్నాం. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణ క్యూసీది. మీది ప్రొడక్షన్ అయినా, ఐటీ అయినా, పోర్టులో లాజిస్టిక్స్ అయినా పేర్లు మార్చుకుని ఇలాగే చేయొచ్చు.

ముందు మీ సొంత జేడీ

చాలామంది బయటి ప్రకటనలతో మొదలుపెడతారు. అలా మొదలుపెడితే పోల్చడానికి చేతిలో ఏమీ ఉండదు. ముందు మీరు ఇవాళ నిజంగా చేస్తున్న పని రాసుకోవాలి.

ఫార్మాలో పనిచేసేవాళ్ళకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ప్రతి ఉద్యోగి బాధ్యతలూ రాతపూర్వకంగా ఉండాలని మందుల తయారీలో పాటించాల్సిన జీఎంపీ నియమాలే చెబుతాయి. బల్క్ డ్రగ్ తయారీకి వర్తించే ఐసీహెచ్ క్యూ7 మార్గదర్శకంలో ఆ మాట నేరుగా ఉంది. అందుకే మీ ట్రైనింగ్ ఫైల్‌లో మీరూ, మీ హెడ్డూ సంతకం పెట్టిన జాబ్ రెస్పాన్సిబిలిటీ కాగితం ఒకటి ఉంటుంది. చేరిన రోజు పది కాగితాల మధ్య సంతకం పెట్టేసి మళ్ళీ ఎప్పుడూ తెరవని కాగితం అది. ఒకసారి అడిగి తెరిపించి చదవండి. ఫోటో తీయొద్దు, జిరాక్స్ తీయొద్దు. అది కంట్రోల్డ్ డాక్యుమెంట్. చదివి, గుర్తున్నది మీ మాటల్లో నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు.

తర్వాత దాని పక్కన గత మూడు నెలల్లో మీరు చేసింది రాయండి. ప్రశ్న ఒక్కటే: ఏ రికార్డులో మీ సంతకం ఏ గడిలో ఉంది? "చేసినవారు" గడిలోనా, "తనిఖీ చేసినవారు" గడిలోనా, "ఆమోదించినవారు" గడిలోనా? మావాడు లెక్కపెడితే తొంభై శాతం పైగా "చేసినవారు" గడిలోనే తేలాయి. కొన్ని రివ్యూలు ఉన్నాయి, అవీ రివ్యూయర్ సెలవులో ఉన్న రోజుల్లో. సీనియర్ ఎగ్జిక్యూటివ్ అన్న పేరు వచ్చి రెండేళ్ళయింది, మెట్టు మాత్రం ఎగ్జిక్యూటివ్‌గా ఉన్నప్పటిదే. ఆ పేజీ చూసుకున్నాక కాసేపు మాట్లాడలేదు. బాధగా ఉన్నా, మిగతా పనంతా నిలబడేది ఈ పేజీ మీదే.

ప్రకటనలు పోగు చేయడం

పన్నెండు నుంచి పదిహేను ప్రకటనలు చాలు. వాటిలో సగం మీ పేరుకి ఒక మెట్టు పైవి, కొన్ని రెండు మెట్ల పైవి, రెండు మూడు మీ స్థాయివే ఉండాలి. మీ స్థాయివి ఎందుకంటే, మీ పనిని బయటివాళ్ళు ఏ పేరుతో పిలుస్తున్నారో అవే చెబుతాయి.

మన ప్రాంతంలో వెతికేటప్పుడు ఒక చిక్కు ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పరవాడ, అచ్యుతాపురం రెండూ అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళాయి. కొన్ని కంపెనీలు ఇంకా వైజాగ్ అనే రాస్తున్నాయి, కొన్ని అనకాపల్లి అంటున్నాయి, కొన్ని ఊరి పేరే పెడుతున్నాయి. ఒక్క పేరుతో వెతికితే కొన్ని కనపడకుండా పోతాయి. మావాడు సెర్చ్ బాక్స్‌లో ఇలా కొట్టాడు:

```
("quality control" OR QC) AND (Visakhapatnam OR Vizag OR Anakapalli OR Parawada OR Atchutapuram)
```

దీనికి `investigation` అన్న మాట కలిపి ఇంకోసారి, `reviewer` కలిపి మరోసారి. పోస్టు పేరుతో కాకుండా పని పేరుతో వెతకడం వల్ల, వేరే పేర్ల కింద దాక్కున్న అదే మెట్టు బయటపడింది. ఒకచోట "సీనియర్ ఎగ్జిక్యూటివ్" అన్న పోస్టుకి మరోచోట "డిప్యూటీ మేనేజర్" చేసే పనే రాసి ఉంది.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వాక్-ఇన్ పోస్టర్లని పక్కన పెట్టండి. "ఎగ్జిక్యూటివ్ / సీనియర్ ఎగ్జిక్యూటివ్, 2 నుంచి 7 ఏళ్ళు" అని ఒకే పోస్టర్‌లో కలిపేసినవి మెట్ల గురించి ఏమీ చెప్పవు. అయితే ఒకే కంపెనీ రెండు నెలలకోసారి అదే స్థాయికి వాక్-ఇన్ పెడుతుంటే, అక్కడ ఆ స్థాయిలో మనుషులు నిలవడం లేదని అర్థం. అది ఒక మూల రాసి ఉంచుకోండి.

క్రియలు చదవడం

ప్రకటనలో పరికరాల పేర్లు, సాఫ్ట్‌వేర్ల పేర్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. వాటికి మోసపోవద్దు. హెచ్‌పీఎల్‌సీ అన్న మాట ట్రైనీ ప్రకటనలోనూ ఉంటుంది, మేనేజర్ ప్రకటనలోనూ ఉంటుంది. చూడాల్సింది ప్రతి లైన్‌లోని క్రియని. పెర్ఫార్మ్, అనలైజ్, ప్రిపేర్ అని ఉంటే మొదటి మెట్టు. రివ్యూ, వెరిఫై అని ఉంటే రెండోది. ఇన్వెస్టిగేట్, ఓఓఎస్, డీవియేషన్, కాపా, రూట్ కాజ్ అని ఉంటే మూడోది. ఓఓఎస్ అంటే ఉండాల్సిన పరిమితి తప్పిన రిజల్ట్, కాపా అంటే ఆ తప్పు సరిచేసి మళ్ళీ రాకుండా చూసే చర్య. అప్రూవ్, ప్లాన్, అలొకేట్, ఆడిట్ ఫేస్ చేయడం, బడ్జెట్ అని ఉంటే నాలుగోది. "ఎన్‌స్యూర్" అన్న క్రియని మాత్రం నమ్మొద్దు. అది అన్ని స్థాయిల్లోనూ ఉంటుంది, దేనికీ కట్టుబడదు.

మేం ఒక్కో ప్రకటనని ప్రింట్ తీసి నాలుగు రంగుల పెన్నులతో గీశాం. ఏ రంగు ఎక్కువుంటే ఆ ప్రకటన ఆ మెట్టుది. పద్నాలుగు ప్రకటనల్లో తొమ్మిది "అసిస్టెంట్ మేనేజర్"వి. వాటిలో నాలుగు నిజంగా మూడో మెట్టువి, రెండు రెండో మెట్టువి, మూడు అచ్చంగా మొదటి మెట్టువే. అచ్యుతాపురం పోస్టు ఆ చివరి మూడిట్లో ఒకటి. చిన్న ప్లాంట్లు మనుషుల్ని లాక్కోవడానికి పేరు పెంచుతాయి. అది మోసం అనలేం. జీతం కొంత ఎక్కువే ఇస్తారు. కానీ అక్కడ మూడేళ్ళు చేసి వచ్చాక, పెద్ద కంపెనీ ఇంటర్వ్యూలో "ఎన్ని ఓఓఎస్ ఇన్వెస్టిగేషన్లు రాశావు?" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

రంగు ఒక్కటే చాలదు. జేడీలు చాలాసార్లు పాత ఫైల్‌లోంచి దించేసినవి. దించినదా కాదా అన్నది ఎలా తెలుస్తుందంటే, బల్క్ డ్రగ్ ప్లాంట్ ప్రకటనలో ట్యాబ్లెట్ డిసల్యూషన్ టెస్ట్ కనపడుతుంది, లేదా ఒకే కంపెనీ మూడు పోస్టులకీ అక్షరం మారకుండా ఒకే పేరా ఉంటుంది. అలాంటివి తీసేయండి, లేదా హెచ్‌ఆర్ ఫోన్ చేసినప్పుడు మూడు ప్రశ్నలు అడిగి తేల్చుకోండి. ఈ పోస్టు ఎవరికి రిపోర్ట్ చేస్తుంది? ఈ పోస్టుకి ఎంతమంది రిపోర్ట్ చేస్తారు? ఓఓఎస్ ఫేజ్-1 ఇన్వెస్టిగేషన్ రాసేది ఈ మనిషేనా? మూడో ప్రశ్నకి హెచ్‌ఆర్ దగ్గర జవాబు ఉండదు, టెక్నికల్ రౌండ్‌లో అడగాలి. ఫేజ్-1 అంటే ల్యాబ్ లోపలే తప్పు జరిగిందా అని వెతికే దశ. అది రాసేవాడికి పద్ధతి, పరికరం, మనిషి అన్నీ తెలిసి ఉండాలి. మా లైన్‌లో మూడో మెట్టుకి తలుపు అదే.

జీతం బ్యాండు

ప్రైవేటు ప్రకటనల్లో జీతం చాలాసార్లు రాయరు. బ్యాండు అంటే ఏమిటో నేర్చుకోవాలంటే ముందు ప్రభుత్వ రంగ సంస్థల ప్రకటన ఒకటి చదవండి. మన ఊళ్ళో షిప్‌యార్డ్, రిఫైనరీ లాంటివి ఉండటం వల్ల అవి పేపర్లో కనపడుతూనే ఉంటాయి. 2017 వేతన సవరణ స్కేళ్ళలో ఈ1 గ్రేడు 40,000–1,40,000, ఈ2 గ్రేడు 50,000–1,60,000. ఇవి నెలకి బేసిక్.

1,40,000 అన్న అంకె చూసి చాలామంది పొంగిపోతారు. ఏడాదికి మూడు శాతం ఇంక్రిమెంటుతో 40,000 నుంచి బయలుదేరితే అక్కడికి చేరడానికి 42 ఏళ్ళు దాటుతుంది. అంటే ఆ గ్రేడులో ఉండగా ఆ పై అంకె ఎవరికీ అందదు. అదే నాలుగేళ్ళ తర్వాత బేసిక్ 45,000 దగ్గర ఉన్నప్పుడు ఈ2 ప్రమోషన్ వస్తే ఒక్కసారిగా 50,000కి వెళ్తుంది. ఇంక్రిమెంట్లతోనే అక్కడికి చేరాలంటే ఇంకో మూడున్నరేళ్ళు పైనే పడుతుంది. బ్యాండు చదివేటప్పుడు పై అంకెని వదిలేసి, రెండు బ్యాండ్ల కింది అంకెల మధ్య తేడా చూడాలి. మెట్టు ఖరీదు అదే.

ఈ ప్రకటనల్లోనే ఇంకో వాక్యం వెతకండి. అనుభవజ్ఞుల పోస్టులకి కొన్ని సంస్థలు "కింది స్కేలులో ఇన్నేళ్ళు చేసి ఉండాలి, ప్రైవేటువారైతే ఇంత సీటీసీ ఉండాలి" అని రాస్తాయి. ప్రైవేటు జీతాన్ని ఏ గ్రేడుకి సమానంగా చూస్తున్నారో అక్కడ నేరుగా దొరుకుతుంది. మీ మెట్టు ఎక్కడుందో బయటివాళ్ళ కళ్ళతో చూసుకోవడానికి దానికంటే మంచి కాగితం నాకు కనపడలేదు.

ప్రైవేటులో మావాడు అంకెలు ఇలా రాబట్టాడు. నలుగురు కన్సల్టెంట్లు ఫోన్లో చెప్పిన రేంజ్, ఇద్దరు పాత సహోద్యోగులు చెప్పినది, జీతం రాసిన రెండు ప్రకటనలు. ఇవి వాడి చేతికి దొరికినవి మాత్రమే, మార్కెట్ మొత్తానికి లెక్క కాదు. మెట్ల వారీగా పెడితే శాంపిల్స్ చేసే సీనియర్లకి 4.2 నుంచి 6.5 లక్షలు, ఇన్వెస్టిగేషన్ రాసేవాళ్ళకి 6 నుంచి 9 లక్షలు వచ్చింది. వాడి 5.4 లక్షలు మొదటి బ్యాండులో దాదాపు నడిమధ్యన ఉంది. అచ్యుతాపురం ఇస్తానన్న 6.6 ఆ బ్యాండు పైకప్పుని దాటింది. పని మాత్రం మొదటి మెట్టుదే. పైకప్పు దాటిన జీతంతో చేరితే తర్వాతి రెండు మూడు అప్రైజల్స్‌లో పెంచడానికి వాళ్ళకి చోటు ఉండదు. అదే 6.4 లక్షలకి మూడో మెట్టు పని దొరికితే, అంకె తక్కువైనా బ్యాండులో ఇంకా అట్టడుగునే ఉంటాడు, పైన బోలెడు చోటు ఉంటుంది.

సీటీసీని చేతికొచ్చే జీతంగా మార్చకుండా పోల్చొద్దు. మేం చేసిన లెక్క ఇది. 6.6 లక్షల్లో బేసిక్ సగం, 3.3 లక్షలు. కంపెనీ వాటా పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, 39,600. గ్రాట్యుటీ 4.81 శాతం, సుమారు 15,900. మెడిక్లెయిమ్ 8,000. ఏడాది చివర్లో రేటింగ్‌ని బట్టి ఇచ్చే వేరియబుల్ 60,000. ఇవన్నీ తీసేసి పన్నెండుతో భాగిస్తే నెలకి 44,700 చిల్లర. అందులోంచి మన పీఎఫ్ 3,300, వృత్తి పన్ను 200 పోతే చేతికి సుమారు 41,200. ఇప్పటి 5.4 లక్షల్లో వేరియబుల్ లేదు. అదే పద్ధతిలో లెక్కేస్తే చేతికి 37,650 వస్తోంది. కాగితం మీద ఏడాదికి లక్షా ఇరవై వేల తేడా, అంటే నెలకి పదివేలు. బ్యాంకులో పడేది మూడున్నర వేలు. ఇప్పటి కంపెనీ బస్సు గాజువాక నుంచి ఉచితం, అక్కడ బస్సుకి కోత ఉందన్నారు.

కొన్ని కంపెనీలు పీఎఫ్‌ని 15,000 బేసిక్ మీద మాత్రమే, నెలకి 1,800 చొప్పున కడతాయి. ఆఫర్ లెటర్ వెనక అనెక్షర్ అడిగి తీసుకుని ఆ గడి చూశాకే లెక్కేయండి.

మీ కంపెనీ లోపల మెట్లు

ఇంట్లో ఉన్న నిచ్చెన చూడకుండా బయటిది ఎక్కకండి. పే స్లిప్ మీద గ్రేడ్ కోడ్ ఉంటుంది, దాన్ని చూసుకోండి. తర్వాత హెచ్‌ఆర్ పాలసీల్లో ప్రయాణ భత్యం, మెడిక్లెయిమ్ మొత్తం, నోటీస్ పీరియడ్ ఏ గ్రేడు దగ్గర మారుతున్నాయో చూడండి. కంపెనీ ఎవరిని నిజంగా పైమెట్టుగా చూస్తుందో అక్కడే తెలుస్తుంది. మావాడి కంపెనీలో ఎగ్జిక్యూటివ్ నుంచి సీనియర్ ఎగ్జిక్యూటివ్ వరకు ఇవేవీ మారవు. అసిస్టెంట్ మేనేజర్ దగ్గర నోటీస్ నెల నుంచి మూడు నెలలకి వెళ్తుంది. ఆ మనిషి వెళ్ళిపోతే తమకి కష్టమని కంపెనీ అనుకునేది ఆ స్థాయి నుంచే.

ఇంకొకటి డిపార్ట్‌మెంట్ ఆర్గనోగ్రామ్, ఎవరు ఎవరి కింద ఉన్నారో గడులతో చూపే కాగితం. ఆడిటర్లకి చూపించాలి కాబట్టి ఫార్మా ప్లాంట్లలో అది తప్పక ఉంటుంది. గడులు లెక్కపెట్టండి. మావాడి ల్యాబ్‌లో శాంపిల్స్ చేసేవాళ్ళు 38 మంది, రివ్యూయర్లు ఆరుగురు, ఇన్వెస్టిగేషన్ రాసేవాళ్ళు ముగ్గురు, సెక్షన్ ఇన్‌ఛార్జిలు ఇద్దరు. ఆ ముగ్గురు ఇన్వెస్టిగేటర్లలో ఇద్దరు బయటినుంచి వచ్చినవాళ్ళు, ఒకరు రివ్యూయర్‌గా ఉండి ఎక్కినవారు. గత మూడేళ్ళలో ఆ స్థాయికి కంపెనీ ఇచ్చిన ప్రకటనలు వెతికితే రెండు దొరికాయి. లోపలివాళ్ళని ఎక్కించకుండా ప్రతిసారీ బయటే వెతికే కంపెనీలో ఆ చోట మెట్టు విరిగి ఉందనుకోవాలి. ఇక్కడ పూర్తిగా విరగలేదు, దారి మాత్రం రివ్యూయర్ గడిలోంచే ఉంది. అంటే మావాడు మూడో మెట్టు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే రాదు, ముందు రెండో మెట్టు సంతకం సంపాదించాలి.

నాలుగో ఆదివారం వాడి హెడ్‌తో ఏం మాట్లాడాలో రాసుకున్నాం. ప్రమోషన్ అన్న మాట ఎత్తలేదు. "సార్, వారంలో రెండు రోజులు జీసీ డేటా రివ్యూ నాకివ్వండి. ఫేజ్-1 ఇన్వెస్టిగేషన్లలో రెండో మనిషిగా కూర్చోనివ్వండి. ఈ రెండూ నా జాబ్ రెస్పాన్సిబిలిటీలో చేర్చండి" అని మాత్రమే. ఆఖరి మాట ముఖ్యం. కాగితంలో చేరకపోతే వాడు చేసిన రివ్యూ ఆడిట్‌లో చెల్లదు, ఇంటర్వ్యూలో చూపించుకోవడానికీ ఉండదు. చేరాలంటే ట్రైనింగ్ ఇవ్వాలి, క్వాలిఫై చేయాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి.

హెడ్ ఫేజ్-1 సంగతి "ఆరు నెలల తర్వాత చూద్దాం" అన్నారు. రివ్యూకి ఒప్పుకున్నారు. మార్చి నెలలో కొత్త కాగితం వచ్చింది. పాతదాంట్లో పదకొండు పాయింట్లుంటే ఇందులో పన్నెండు. వాడు అచ్యుతాపురం వాళ్ళకి రానని చెప్పేశాడు. ఇప్పుడు జీసీ రికార్డుల్లో "తనిఖీ చేసినవారు" గడిలో వాడి సంతకం వారానికి రెండు రోజులు పడుతోంది. సెప్టెంబర్‌లో హెడ్‌ని మళ్ళీ అడగాల్సిన తేదీ నోట్‌బుక్ అట్ట లోపల రాసిపెట్టుకున్నాడు.